రామా గ్రీన్ మానిటర్ మీద ఎందుకు దొరకదు: ప్రింట్ పనికి గామట్ శాతాలు చదవడం, మానిటర్ కాలిబ్రేట్ చేయడం

ఒక పని తీసుకుని మొదలుపెడదాం. పట్టుచీరల దుకాణానికి 24 పేజీల కేటలాగ్ చేయాలి. 170 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్, నాలుగు రంగుల ఆఫ్‌సెట్. ఫొటోలు అడోబ్ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల ప్రమాణంలో తీసి ఇచ్చారు. వాటిలో మెరూన్ ఉంది, పసుపు ఉంది, రామా గ్రీన్ ఉంది, నెమలికంఠం రంగు ఉంది. మీ మానిటర్ మీద చూసి రంగులు సరిచేసి ప్రెస్‌కి పంపుతారు. ప్రింట్ వచ్చాక మెరూన్ నల్లబడి ఉంటుంది, రామా గ్రీన్ మీరు స్క్రీన్ మీద చూసిన రంగులో ఉండదు. ఈ రెండూ ఒకటే తప్పులా కనిపిస్తాయి గానీ, కారణాలు వేరు. మొదటిది కాలిబ్రేషన్‌తో పోతుంది. రెండోది పోదు, ఎందుకంటే ఆ రంగు మీ మానిటర్‌లో అసలు లేదు.

కాలిబ్రేషన్ చేసే పని, మానిటర్ దగ్గరున్న రంగుల్ని నిజంగా చూపించేలా చేయడం. దగ్గర లేని రంగుని అది తెచ్చిపెట్టదు. ఏ రంగులు ఉన్నాయో చెప్పేది గామట్. అందుకే స్క్రీన్ రంగుల్ని కొలిచే కలరీమీటర్ కొనేముందు మానిటర్ స్పెసిఫికేషన్ షీట్ తీయండి.

షీట్‌లో శాతం కనబడితే అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఎందులో శాతం? "72%" అని మాత్రమే రాసి ఉంటే దానికి అర్థం లేదు. చవక మానిటర్లు, లాప్‌టాప్‌ల షీట్లలో ఎక్కువగా `72% NTSC`, `45% NTSC` అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అంటే 1953 నాటి అమెరికన్ కలర్ టీవీ ప్రమాణం. ప్రింట్ పనికి దానితో ఏ సంబంధమూ లేదు, కొలబద్దగా మాత్రం మిగిలిపోయింది. రంగుల పటం మీద ఒక్కో ప్రమాణంలోని రంగులన్నీ ఒక త్రికోణంలో ఇమిడిపోతాయి. మామూలు స్క్రీన్‌లు, వెబ్ వాడే ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ త్రికోణం వైశాల్యం ఎన్‌టీఎస్‌సీ త్రికోణంలో సుమారు 71 శాతం. కాబట్టి 72% ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ అని చదువుకోవాలి. 45% అంటే ఎస్‌ఆర్‌జీబీలో కూడా మూడింట రెండొంతులకి తక్కువే. ఆ లాప్‌టాప్ మీద చీరల కేటలాగ్ రంగులు దిద్దకండి. పేజీ లేఅవుట్ చేసుకోండి, టైప్ సెట్ చేసుకోండి, రంగు మాత్రం వేరే స్క్రీన్ మీద చూడండి.

రెండో ప్రశ్న: కవరేజా, వైశాల్యమా? మోసమంతా ఇక్కడే జరుగుతుంది. కవరేజ్ అంటే ఆ ప్రమాణంలోని రంగుల్లో ఎన్నిటిని మానిటర్ చూపగలదు అన్నది. అది 100 దాటదు. వైశాల్యం అంటే మానిటర్ త్రికోణం ఎంత పెద్దది అన్నది. అది ఎంతైనా కావచ్చు. `125% sRGB` అని కనబడితే అది వైశాల్యమే. త్రికోణం పెద్దదే, కానీ మీకు కావలసిన చోట పెద్దదా, ఇంకో వైపుకి జరిగిందా అన్నది ఆ అంకె చెప్పదు.

దీన్ని లెక్కగా చూద్దాం. సీఐఈ 1931 అనే రంగుల పటం మీద అడోబ్ ఆర్‌జీబీ త్రికోణం వైశాల్యం 0.151. సినిమా ప్రొజెక్షన్ కోసం పెట్టిన డీసీఐ-పీ3 త్రికోణం వైశాల్యం 0.152. అంటే రెండూ దాదాపు సమానం. ఇప్పుడు పూర్తి పీ3 చూపే మానిటర్‌ని "అడోబ్ ఆర్‌జీబీ 100%" అని వైశాల్యం లెక్కన రాస్తే అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ రెండు త్రికోణాలనీ ఒకదానిమీద ఒకటి పెడితే, అడోబ్ ఆర్‌జీబీలో పీ3 కప్పేది సుమారు 88 శాతమే. పీ3 ఎరుపు వైపు ముందుకి వెళ్లి, ఆకుపచ్చ నుంచి సయాన్ దాకా ఉన్న అంచు దగ్గర వెనకబడుతుంది. పోయిన 12 శాతమంతా ఆ అంచులోనే ఉంది. మన కేటలాగ్‌లో రామా గ్రీన్, నెమలికంఠం ఉండేదీ ఆ అంచు వైపే.

ఆఫ్‌సెట్ సయాన్ సిరాని ఆర్ట్ పేపర్ మీద వంద శాతం వేస్తే వచ్చే రంగు ఎస్‌ఆర్‌జీబీకి చాలా బయట ఉంటుంది. పీ3కి కొంత దగ్గరవుతుంది. అడోబ్ ఆర్‌జీబీకి దాదాపు అంచున, వెంట్రుకవాసి బయట ఉంటుంది. అందుకే ప్రింట్ పని చేసేవాళ్లు అడోబ్ ఆర్‌జీబీ అంకె అడుగుతారు. వీడియో పనికి పీ3 మంచిది, ఫోన్ స్క్రీన్‌కి మంచిది, ప్రింట్‌కి దాని లాభం సగమే.

మూడో ప్రశ్న: ఏ పటం మీద కొలిచారు? 1931 పటం మీద, 1976 పటం మీద అదే మానిటర్‌కి వేర్వేరు శాతాలు వస్తాయి. తయారీదారు తనకి అనుకూలమైనది రాసుకుంటాడు. షీట్ కింద చిన్న అక్షరాల్లో `CIE 1931` అనో `CIE 1976` అనో ఉంటుంది. రెండు మానిటర్లు పోల్చేటప్పుడు పటం ఒకటే ఉందో లేదో చూసుకోండి, అంతకు మించి దీని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

నా మాట అడిగితే, ప్రింట్‌కి కొత్త మానిటర్ కొనేవాళ్లు షీట్‌లో `Adobe RGB` పక్కన `coverage` అనే మాట, 95 పైన అంకె ఉన్నదాన్ని వెతకాలి. అంత డబ్బు లేకపోతే, ఎస్‌ఆర్‌జీబీ 99 శాతం కవరేజ్ ఉన్న మామూలు ఐపీఎస్ మానిటర్, ఒక కలరీమీటర్ కలిపి తీసుకోండి. "130%" అని గొప్పలు చెప్పే గేమింగ్ మానిటర్‌ని కొలవకుండా వాడటం కంటే అది చాలా మేలు. పూర్తి ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ అడోబ్ ఆర్‌జీబీలో 74 శాతం కప్పుతుంది. మిగతాది కనబడదని తెలిసి పనిచేయొచ్చు. ఎలాగో చివర్లో చెబుతాను.

కొలిచే ముందు

మానిటర్ ఆన్ చేసి అరగంట వదిలేయండి. వేడెక్కే దాకా వెలుగు, తెలుపు రెండూ కదులుతూ ఉంటాయి. ఈలోగా రంగుల్ని తమంతట తాము మార్చేవన్నీ ఆపండి. విండోస్‌లో `Night light`, `HDR` ఆఫ్ చేయాలి. మ్యాక్‌లో `True Tone`, `Night Shift` ఆఫ్ చేయాలి. మానిటర్ సొంత మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, కళ్లకి మేలు అని పెట్టే బ్లూ లైట్ ఫిల్టర్ ఏవైనా ఉంటే తీసేయండి. పిక్చర్ మోడ్‌ని `User` లేదా `Custom`లో పెట్టండి, ఎందుకంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్‌లు విడివిడిగా మార్చుకోవడం చాలా మానిటర్లలో అక్కడే కుదురుతుంది.

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పెట్టుకున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ని టీవీ అనుకుని 0 నుంచి 255 బదులు 16 నుంచి 235 వరకే సంకేతం పంపుతుంది ఒక్కోసారి. అప్పుడు నలుపు బూడిదలా తేలిపోతుంది. ఎన్విడియా కార్డు అయితే కంట్రోల్ ప్యానెల్‌లో `Output dynamic range`ని `Full`కి మార్చండి. ఇది సరిచేయకుండా కాలిబ్రేట్ చేస్తే, తప్పు సంకేతానికి తగ్గట్టు ప్రొఫైల్, అంటే మానిటర్ రంగుల్ని వర్ణించే ఫైలు, తయారవుతుంది.

గదిలో లైట్లు మీరు రోజూ పనిచేసేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. కిటికీ వెలుతురు స్క్రీన్ మీద పడకుండా తెర వేయండి.

వెలుగు ఎంత పెట్టాలి

"ప్రింట్ నల్లగా వచ్చింది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది. కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసినప్పుడు చాలాసార్లు 250 నుంచి 350 నిట్స్ వెలుగుతో ఉంటుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, దానిమీద పడిన దాన్ని తిప్పి పంపుతుంది. ఎంత తిప్పి పంపుతుందో సుమారుగా లెక్క వేయొచ్చు: కాగితం మీద పడే వెలుగుని లక్స్‌లో తీసుకుని 0.8తో గుణించి 3.14తో భాగిస్తే నిట్స్ వస్తాయి. బాగా వెలుగున్న ఆఫీసులో బల్ల మీద 400 లక్స్ ఉందనుకుంటే, 400 × 0.8 ÷ 3.14 అంటే సుమారు 100 నిట్స్. ఒకే ట్యూబ్‌లైట్ ఉన్న ఇంటి గదిలో 200 లక్స్ ఉంటే కాగితం 50 నిట్స్ దగ్గరే ఉంటుంది. స్క్రీన్ 300 దగ్గర ఉంచి మెరూన్ చీరని "ఇంకాస్త ముదురు చేద్దాం" అని దిద్దితే, కాగితం మీద మడతలు, జరీ గీతలు అన్నీ నల్లటి ముద్దలో కలిసిపోతాయి.

కాబట్టి లక్ష్యం 100 నిట్స్ అని పెట్టుకోండి, గది చీకటిగా ఉంటే 80, బాగా వెలుగు ఉంటే 120. మానిటర్ మెనూలో బ్రైట్‌నెస్ అంకె 30 అన్నా 40 అన్నా అది నిట్స్ కాదు, ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. కొలిస్తేనే తెలుస్తుంది. మొదటి రోజు స్క్రీన్ మసకగా అనిపిస్తుంది, కళ్లు అలవాటు పడతాయి.

కలరీమీటర్ ఇంకా కొనలేదా? కేటలాగ్‌కి వాడబోయే ఆర్ట్ పేపర్ తెల్ల షీటు ఒకటి ప్రెస్ నుంచి తెచ్చుకోండి. మానిటర్ పక్కన నిలబెట్టి, దానిమీద గది లైటు పడనిచ్చి, స్క్రీన్ మీద ఖాళీ తెల్ల డాక్యుమెంట్ తెరవండి. రెండూ ఒకే వెలుగులో కనబడే దాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. రంగుల విషయంలో ఇది ఏమీ చేయదు, కానీ నల్లబడే సమస్య చాలావరకు తగ్గుతుంది.

కొలవడం

కలరీమీటర్లలో కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ వాళ్లవి సులువుగా దొరుకుతాయి. వాటితో వచ్చే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఉచితంగా కావాలంటే ఆర్గిల్ సీఎంఎస్ మీద నడిచే డిస్‌ప్లేకాల్ ఉంది, పైగా అది చివర్లో గామట్ కవరేజ్ కూడా చెబుతుంది.

సాఫ్ట్‌వేర్ తెరవగానే మానిటర్ రకం అడుగుతుంది. చాలామంది ఏదో ఒకటి నొక్కి ముందుకెళ్తారు. కలరీమీటర్ లోపల ఫిల్టర్లు ఉంటాయి. వెనక వెలిగే బ్యాక్‌లైట్ ఎలాంటిదో తెలిస్తేనే అవి చదివినదాన్ని సరిగా దిద్దుకుంటాయి. మామూలు ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ అయితే `White LED`. ఈమధ్య వచ్చిన పీ3 స్థాయి మానిటర్లలో చాలావాటికి `PFS Phosphor`. తప్పు రకం ఎంచుకుంటే కాలిబ్రేషన్ అయిపోయాక తెలుపులో గులాబీ ఛాయో, ఆకుపచ్చ ఛాయో కనబడుతుంది. రిపోర్ట్ మాత్రం అంతా బాగుందంటుంది, ఎందుకంటే తప్పుగా చదివిన పరికరమే మళ్లీ తనిఖీ చేస్తోంది.

లక్ష్యాల పేజీలో వెలుగు 100, గామా 2.2 ఇవ్వండి. తెలుపు విషయంలో వాదనలు ఉన్నాయి. ప్రింట్‌ని చూసే లైటుకి అంతర్జాతీయ ప్రమాణం డీ50, అంటే సుమారు 5000 కెల్విన్. కానీ మానిటర్‌ని కూడా డీ50లో పెడితే, మామూలు ఎల్‌ఈడీ ట్యూబులున్న గదిలో స్క్రీన్ పసుపుగా, పాతబడ్డ కాగితంలా కనబడుతుంది. ప్రింట్ చూసేందుకు డీ50 లైటు పెట్టుకున్నవాళ్లే ఆ దారి పట్టాలి. మిగతావాళ్లు డీ65తో మొదలుపెట్టి, ఇందాకటి తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి. స్క్రీన్ నీలంగా అనిపిస్తే 6000కి, ఇంకా అవసరమైతే 5800కి దించండి. మీరు ప్రూఫ్ చూసే లైటు కింద కాగితం తెలుపు, స్క్రీన్ తెలుపు ఒకేలా కనబడటమే కావలసింది.

పరికరాన్ని స్క్రీన్ మధ్యలో, కాస్త వెనక్కి వంచిన మానిటర్ మీద ఆనించండి. బయటి వెలుతురు కిందనుంచి దూరకూడదు. సాఫ్ట్‌వేర్ ముందు బ్రైట్‌నెస్, తర్వాత మూడు గెయిన్‌లు మార్చమంటుంది. ఓపిక పట్టి మానిటర్ మెనూలోనే దగ్గరగా తీసుకురండి. ఎంత దూరం అక్కడ సరిచేస్తే, గ్రాఫిక్స్ కార్డులో దిద్దాల్సింది అంత తగ్గుతుంది. కార్డులో ఎక్కువ దిద్దితే పట్టు మీది నున్నటి మెరుపులో మెట్లు మెట్లుగా చారలు వస్తాయి. గెయిన్‌లు తగ్గించే దిశలోనే కదపండి, 100 దాటించకండి.

తర్వాత అది రంగుల గళ్లు చూపుతూ కొలుచుకుంటుంది, ప్రొఫైల్ తయారుచేసి సిస్టమ్‌లో పెడుతుంది. ఆ క్షణం నుంచి మానిటర్ మెనూ ముట్టుకోకండి. బ్రైట్‌నెస్ మార్చినా, మోడ్ మార్చినా ఆ ప్రొఫైల్ ఇంకో మానిటర్‌ది అయినట్టే.

చివర్లో తనిఖీ నడపండి. రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ ఉన్న తేడాని చెప్పే డెల్టా ఈ సగటు 2 లోపు, బూడిద మెట్లలో ఎక్కడా రంగు ఛాయ లేకుండా ఉంటే ప్రింట్ పనికి చాలు. ఇది గుర్తుంచుకోండి: ఈ అంకె ప్రొఫైల్ మానిటర్‌ని సరిగ్గా వర్ణించిందా అని మాత్రమే చెబుతుంది. 45% ఎన్‌టీఎస్‌సీ లాప్‌టాప్‌కి కూడా డెల్టా ఈ 0.8 రావచ్చు. గామట్ సంగతి తెలియాలంటే డిస్‌ప్లేకాల్ చూపే కవరేజ్ అంకె చూడండి. అక్కడ కూడా `coverage`, `volume` రెండూ వేరువేరుగా ఉంటాయి. మీకు కావలసింది మొదటిది. షీట్‌లో కంపెనీ రాసిన అంకెతో పోల్చి చూసుకోండి.

ఫొటోషాప్‌లో

ప్రొఫైల్ మారాక ఫొటోషాప్ మూసి మళ్లీ తెరవండి. `Edit > Color Settings`లో పనిచేసే ఆర్‌జీబీగా `Adobe RGB (1998)` ఉంచండి. మానిటర్ ప్రొఫైల్‌ని అక్కడ పెట్టకండి. అలా పెడితే మీ మానిటర్ లోపాలన్నీ ఫైలులోకి ఎక్కుతాయి.

ప్రెస్‌వాళ్లని ఏ ప్రొఫైల్‌కి ప్లేట్లు చేస్తారో అడగండి. సమాధానం దొరకకపోతే ఆర్ట్ పేపర్‌కి `Coated FOGRA39`, మ్యాప్‌లితో పేపర్‌కి `Uncoated FOGRA29` మొదలుపెట్టడానికి పనికొస్తాయి. `U.S. Web Coated (SWOP) v2` అమెరికన్ పత్రికల వెబ్ ఆఫ్‌సెట్ కోసం పెట్టింది. చాలా కంప్యూటర్లలో ఎవరూ మార్చక అదే ఉండిపోతుంది.

`View > Proof Setup > Custom`లో ఆ ప్రొఫైల్ ఎంచుకుని `Simulate Paper Color` టిక్ పెట్టండి. స్క్రీన్ ఒక్కసారిగా చప్పబడుతుంది. టిక్ పెట్టేటప్పుడు చూపు పక్కకి తిప్పి, ఫుల్ స్క్రీన్ చేసి, మళ్లీ చూస్తే కాగితం మీద వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. దీన్నే సాఫ్ట్ ప్రూఫ్ అంటారు.

ఇప్పుడు అదే `Custom` పెట్టెలో ప్రెస్ ప్రొఫైల్ బదులు మీ మానిటర్ ప్రొఫైల్ ఎంచుకుని `View > Gamut Warning` వేయండి. ఫొటోలో మీ మానిటర్ చూపలేని భాగాలన్నీ బూడిదరంగులో కప్పబడతాయి. ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ అయితే రామా గ్రీన్ చీర కొంగులో వెలుగు పడినచోట ఆ బూడిద తేలే అవకాశం ఎక్కువ. అక్కడ స్క్రీన్ మీద మీరు చూసే రంగు అసలు రంగు కాదు, అంచున ఆగిపోయిన రంగు. మళ్లీ ప్రెస్ ప్రొఫైల్ పెట్టి అదే హెచ్చరిక చూడండి. ఈ రెండోసారి ఆ కొంగు మీద బూడిద లేకపోతే, సిరాకి ఆ రంగు అందుతుంది, మీ మానిటర్‌కే అందడం లేదు. నెమలికంఠంలో ముదురు నీలం మెరిసేచోట సరిగ్గా తిరగబడుతుంది: మానిటర్ చూపుతుంది, సిరా చూపలేదు.

మొదటి రకం చోట్ల కళ్లని పక్కనపెట్టి అంకెల్ని చదవండి. `Info` ప్యానెల్ తెరిచి కర్సర్‌ని కొంగు మీద ఉంచండి. సయాన్ 85, మెజెంటా 10, యెల్లో 45 లాంటి లెక్క కనబడితే రంగు శుభ్రంగానే ఉంది. స్క్రీన్ మీద చప్పగా ఉందని సాచురేషన్ పెంచితే సయాన్ 100కి చేరి ఆగిపోతుంది, మడతల్లోని తేడాలు చదునైపోతాయి. మెజెంటా 25 దాటి, నలుపు కూడా కలుస్తుంటే అప్పుడు రంగు మురికి పడుతుంది, దాన్ని తగ్గించాలి. రెండో రకం చోట్ల, అంటే సిరాకి అందని నీలంలో, సాఫ్ట్ ప్రూఫ్ చూపేదే నిజం. దుకాణం యజమానికి ముందే ఆ చప్పటి నీలం చూపించండి, ప్లేట్లు అయ్యాక కాదు.

ప్రూఫ్ వచ్చాక

ప్రెస్ నుంచి కలర్ ప్రూఫ్ వచ్చినప్పుడు కిటికీ దగ్గర నీడపట్టున, ఎండ నేరుగా పడనిచోట చూడండి. లేదా మీరు తెలుపు కుదుర్చుకున్న లైటు కిందే చూడండి. సాఫ్ట్ ప్రూఫ్ పక్కన పెట్టి పోల్చండి. తేడా ఏ రకంగా ఉందో చూస్తే కారణం దొరుకుతుంది. పేజీ మొత్తం ముదురుగా ఉంటే మానిటర్ వెలుగు ఇంకా ఎక్కువే ఉంది, 100ని 85కి తగ్గించి మళ్లీ కాలిబ్రేట్ చేయండి. తెల్ల నేపథ్యం, బూడిద నీడలు రెండూ ఒకే ఛాయకి వాలితే తెలుపు లక్ష్యమో, మానిటర్ రకమో తప్పు. ఎక్కడా ఏమీ లేక ఒక్క రామా గ్రీన్ మాత్రమే స్క్రీన్ కంటే కాగితం మీద నిండుగా ఉంటే దేన్నీ మార్చకండి, అది మీ గామట్ అంచు. మెరూన్, చర్మం రంగు లాంటి మామూలు రంగులు మాత్రమే ఒక వైపుకి పోతే మానిటర్‌ని వదిలి ప్రెస్ ప్రొఫైల్‌ని అనుమానించండి, ఆ ప్రూఫ్ ఏ ప్రొఫైల్‌తో తీశారో అడగండి.

బ్యాక్‌లైట్ కాలంతో మారుతుంది కాబట్టి నెలకోసారి కొలవండి. పెద్ద పని ప్రెస్‌కి పంపే ముందు రోజు ఎలాగూ కొలవండి. పాత ప్రొఫైల్ చెరపకుండా ఉంచితే, అదే బ్రైట్‌నెస్ అంకె దగ్గర నిట్స్ ఎంత పడిపోతున్నాయో తెలుస్తుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినా 100 నిట్స్ అందని రోజు వస్తే ఆ మానిటర్‌ని బిల్లులు వేసే బల్ల దగ్గరికి పంపేయండి.